టెంప్లేట్ నెట్‌లో, తెలుగు పెన్‌డ్రైవ్‌లో

ప్రాజెక్టు ప్రెజెంటేషన్ అనగానే మనలో చాలామంది ముందు చేసే పని ఉచిత టెంప్లేట్ వెతకడం. కాన్వా తెరుస్తాం, లేదంటే స్లైడ్స్‌గోలో నచ్చింది ఎంచుకొని గూగుల్ స్లైడ్స్‌లో నింపేస్తాం. ఇంగ్లిష్‌లో చేసినంతసేపూ పెద్దగా ఇబ్బంది ఉండదు. అదే టెంప్లేట్‌లో తెలుగు రాసి, నెట్ లేని కంప్యూటర్‌లో తెరిచినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఈ వ్యాసం దాని గురించే.

నస్పూర్‌లో మా ఇంటి దగ్గరి తమ్ముడొకడు తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. సైన్స్ ప్రాజెక్టుకు 'బొగ్గు నుంచి కరెంటు దాకా' అనే అంశం తీసుకున్నాడు. శ్రీరాంపూర్ గనులు పక్కనే, జైపూర్‌లో 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం దగ్గర్లోనే. కాబట్టి విషయానికి కొదవ లేదు. మొత్తం తొమ్మిది స్లైడ్లు. ఇంట్లో గూగుల్ స్లైడ్స్‌లో ఒక ఉచిత టెంప్లేట్ మీద చేశాడు. శీర్షికలకు 'రామభద్ర' ఫాంటు, సైజు 40. చూడ్డానికి బాగుంది. దాన్ని .pptx గా దించుకొని బడిలో ట్రయల్ వేశాడు. అక్కడి సిస్టంలో ఉబుంటు, లిబ్రెఆఫీస్ ఉన్నాయి, నెట్ లేదు.

అక్షరాలు వచ్చాయి, కానీ వేరే ముఖంతో వచ్చాయి. ఒక వరుసలో ఉండాల్సిన శీర్షిక రెండు వరుసలై, రెండోది చిమ్నీ బొమ్మ మీదికి ఎక్కింది. పై వరుసలోని 'ద్యు' కింది ఒత్తు, కింది వరుసలోని గుడికి తగులుతోంది. వాడు ఆ సాయంత్రం నా దగ్గరకొచ్చి అడిగాడు: "అన్నా, తెలుగుల చేస్తే గిట్లనే ఐతదా? ఇంగ్లిష్‌లకు మార్చాల్నా?"

మార్చాల్సిన పని లేదు. ఎందుకో చూద్దాం.

మొదటి కారణం ఫాంటు ఎక్కడుంది అన్నది. గూగుల్ స్లైడ్స్‌లో కనిపించే రామభద్ర మన కంప్యూటర్‌లో ఉండదు, నెట్ నుంచి వస్తుంది. బడి సిస్టం ఆ పేరు వెతుక్కుంది, దొరకలేదు, తన దగ్గరున్న మరో తెలుగు ఫాంటు పెట్టేసింది. రెండు ఫాంట్లలో అక్షరాల వెడల్పు ఒకటి కాదు కాబట్టి వరుసలు విరిగాయి. అసలు తెలుగు ఫాంటే లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి. అంటే డబ్బాలు వస్తే ఫాంటు లేదని, ముఖం మారితే వేరే ఫాంటు వచ్చిందని అర్థం. లిబ్రెఆఫీస్‌లో దీన్ని పట్టుకోవడం తేలిక: అక్షరాల మీద కర్సర్ పెట్టి పైన ఫాంటు పేరు చూడండి. ఆ పేరు వాలు అక్షరాల్లో కనిపిస్తే, ఆ ఫాంటు ఈ సిస్టంలో లేదన్నట్టే. ఉబుంటులో ఏ తెలుగు ఫాంట్లున్నాయో టెర్మినల్‌లో ఇలా చూడొచ్చు:

```
fc-list :lang=te family
```

రెండో కారణం టెంప్లేట్‌ది. చాలా ఉచిత టెంప్లేట్లు ఇంగ్లిష్ అక్షరాలను కొలతగా పెట్టుకొని చేసినవి. ఇంగ్లిష్‌లో కింద ఒత్తులు, పైన గుడులు ఉండవు కాబట్టి శీర్షికల్లో వరుసల మధ్య ఎడం తగ్గించి పెడతారు. పవర్‌పాయింట్ మామూలు థీమ్‌లోనే శీర్షికకు ఆ ఎడం 90 శాతం. తెలుగుకు అది ఇరుకు. పైగా మాంట్‌సెరాట్ లాంటి ఫాంట్లలో తెలుగు అక్షరాలే లేవు. అందుకే '1200 మెగావాట్లు' అని రాస్తే అంకె ఒక తీరుగా, మాట ఇంకో తీరుగా వస్తాయి. అంకెకు టెంప్లేట్ ఫాంటు, తెలుగు మాటకు సిస్టం వెతికి పెట్టిన ఫాంటు.

కారణాలు తెలిశాక పని సులువైంది. మేము చేసింది వరుసగా చెప్తాను.

ముందు ఫాంటు తేల్చుకున్నాం. గూగుల్ ఫాంట్స్ నుంచి 'మండలి' ఫైలు దించుకున్నాం. ఉచితమే. అందులో తెలుగుతో పాటు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కూడా ఉన్నాయి కాబట్టి అంకె, మాట ఒకే ముఖంతో వస్తాయి. దాన్ని నా ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి, నెట్ ఆపేసి, ఇంప్రెస్‌లో ఫైలు తెరిచాం.

తర్వాత ఒక్కో స్లైడూ దిద్దుకుంటూ పోలేదు. `View` మెనూలో `Master Slide` కు వెళ్లి, అక్కడే శీర్షికకు, మామూలు రాతకు మండలి పెట్టి, వరుసల ఎడం 110 శాతం చేశాం. మాస్టర్‌లో మారిస్తే ఆ మాస్టర్ వాడే స్లైడ్లన్నిటిలో మారుతుంది. ఒక్క మెలిక ఉంది. స్లైడ్ మీద చేత్తో ఫాంటు మార్చిన చోట మాస్టర్ మాట చెల్లదు. మా తమ్ముడు మూడు శీర్షికలకు అట్లా మార్చి ఉన్నాడు. వాటిని ఎంచుకొని `Format > Clear Direct Formatting` కొడితే దారికొచ్చాయి. పవర్‌పాయింట్‌లో ఇదే పనికి `Slide Master`, `Reset` ఉంటాయి.

శీర్షిక సైజు 40 నుంచి 36కు దించాం. బొమ్మ, శీర్షిక పెట్టె ఒకదాని మీద ఒకటి పడకుండా జరిపాం. టెంప్లేట్‌లోని రంగులు, గీతలు, పెట్టెల అమరిక అలాగే ఉంచాం. టెంప్లేట్ ఇచ్చినవాళ్ల పేరున్న చివరి స్లైడ్‌ను కూడా తీయలేదు. స్లైడ్స్‌గోలో ఉచితంగా వాడుకునేవాళ్లకు అది షరతు.

ఇక బడికి తీసుకెళ్లడం. పెన్‌డ్రైవ్‌లో మూడు ఫైళ్లు వేశాం: .pptx, మండలి ఫాంటు ఫైలు, పీడీఎఫ్. ఉబుంటులో ఫాంటు పెట్టడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ తెరిచి, ఆ ఫోల్డర్‌లోనే టెర్మినల్ తీసి ఈ మూడు వరుసలు కొడితే చాలు. తర్వాత లిబ్రెఆఫీస్ మూసి మళ్లీ తెరవాలి:

```
mkdir -p ~/.local/share/fonts
cp *.ttf ~/.local/share/fonts/
fc-cache -f
```

అదీ కుదరకపోతే పీడీఎఫ్ ఉంది. ఫాంటు దాని లోపలే కూర్చుంటుంది కాబట్టి ఎక్కడ తెరిచినా అక్షరం మారదు. కాకపోతే యానిమేషన్లు, వీడియోలు ఉండవు, అక్కడికక్కడ దిద్దుకోవడం కుదరదు. బడి సిస్టంలో విండోస్, పవర్‌పాయింట్ ఉంటే ఇంకో దారి ఉంది. సేవ్ చేసే ముందు `File > Options > Save` లో `Embed fonts in the file` టిక్ పెడితే ఫాంటు .pptx తోనే వెళ్తుంది. అక్కడ మళ్లీ దిద్దాల్సి వస్తుందనుకుంటే 'అన్ని అక్షరాలూ' అనే ఎంపిక తీసుకోవాలి. లేకుంటే మీరు వాడిన అక్షరాలే వెళ్తాయి, కొత్త మాట రాస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

"గూగుల్ స్లైడ్స్‌లోనూ ఆఫ్‌లైన్ ఉంది కదా" అని మీరు అడగొచ్చు. ఉంది. కానీ అది ముందుగా ఆన్ చేసి పెట్టుకున్న మీ సొంత ల్యాప్‌టాప్‌లోని బ్రౌజర్‌లో పనిచేస్తుంది. కరెంటు, నెట్ పోయినప్పుడు ఇంట్లో పని ఆగకుండా అక్కరకొస్తుంది. బడి సిస్టంలోనో, సెమినార్ హాల్ సిస్టంలోనో మీ ఫైలు అట్లా దొరకదు. కాన్వా నుంచి .pptx దించుకున్నా ఫాంట్ల తిప్పలు ఇవే. దిద్దే పని లేకపోతే అక్కడి నుంచి నేరుగా పీడీఎఫ్ తీసుకోవడం మేలు. స్లైడ్‌లో యూట్యూబ్ వీడియో ఉంటే నెట్ లేనిచోట ఆడదు. మీరు తీసిన వీడియో ఫైలును స్లైడ్‌లో చేర్చుకోవాలి.

కాబట్టి ఉచిత టెంప్లేటా, ఆఫ్‌లైన్ ఎడిటింగా అన్న పోటీయే సరికాదు. రంగులు, అమరిక కోసం నెట్ మీదికి వెళ్లండి. తెలుగు రాయడం మాత్రం ఫాంటు దించుకున్నాక, నెట్ ఆపేసి మొదలుపెట్టండి. అప్పుడు మీ తెరమీద కనిపించేది నిజంగా మీ దగ్గరున్నదే అవుతుంది.

మరుసటి ట్రయల్‌లో తొమ్మిది స్లైడ్లూ సరిగ్గా వచ్చాయి. 'విద్యుత్ కేంద్రం' ఒక్క వరుసలో, ఒత్తులు ఒత్తుల చోట నిలబడ్డాయి. వాడు ఇంగ్లిష్‌కు మార్చలేదు.