అమ్మ లేని తొలి సంక్రాంతి

ప్రశ్న: అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఉద్యోగం, పిల్లలతో మామూలుగానే ఉంటున్నాను. మొన్న బజార్లో అరిసెల బెల్లం చూడగానే ఏడుపు ఆగలేదు. సంక్రాంతి, సంవత్సరీకం తలచుకుంటే భయమేస్తోంది. నేను కోలుకోవడం లేదా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కోలుకుంటున్నారమ్మా. దుఃఖంలో మనసు కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు రోజువారీ పనుల వైపు తిరుగుతుంది. 1999లో స్ట్రోబ్, షుట్ అనే మనస్తత్వవేత్తలు ఈ ఊగిసలాటనే వివరించారు. రెండు వైపులా తిరగడం అవసరమే. బెల్లం లాంటి ఆనవాలు కనబడగానే అమ్మ జ్ఞాపకం చెప్పకుండా ముంచుకొస్తుంది, కాసేపటికి తగ్గుతుంది.

చాలామందికి అసలు రోజుకన్నా ముందు రోజులే బరువుగా ఉంటాయి. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, క్యాలెండర్ తేదీ వేరే రోజు పడవచ్చు. రెండు రోజులూ కష్టంగా ఉండొచ్చని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

ఏటి సూతకమని మీ ఇంట్లో పండగ చేయకపోయినా ఆ రోజును ఖాళీగా వదలకండి. పెద్దలకు బట్టలు పెట్టే ఆనవాయితీ ఉంటే అమ్మకు నచ్చిన రంగు చీర మీరే ఎంచండి. తోబుట్టువులతో కూర్చుని ఆమె గురించి మాట్లాడండి. ఏడుపొస్తే పక్కగదిలోకి వెళ్లే వీలుంచుకోండి.

ఏడాది దాటినా దాదాపు రోజూ ఇదే తీవ్రత ఉండి పనులు సాగకపోతే మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలనిపిస్తే మాత్రం ఆగకుండా వెంటనే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.