తెలుగు-ఇంగ్లిష్ కలిసిన కాల్ ట్రాన్‌స్క్రిప్ట్‌కి సమ్మరీ రాయడం ఎలా?

సర్వీస్ సెంటర్ కాల్స్‌లో ఒకే వాక్యంలో రెండు భాషలూ దొర్లుతుంటాయి. మేనేజర్‌కి మాత్రం ఒక్క క్లియర్ వెర్షన్ కావాలి. ఇలాంటి మాటల్లో విషయం ఎక్కువగా ఇంగ్లిష్ పదంలో ఉంటుంది. అది జరిగిందా, జరుగుతుందా, లేదా అన్నది తెలుగు క్రియ చివర ఉంటుంది.

ఈ నెల 11న వచ్చిన కాల్ ఇలా ఉందనుకుందాం:

కస్టమర్: “డిస్‌ప్లే రీప్లేస్ చేశారంట, కానీ టచ్ ఇంకా వర్క్ అవ్వట్లేదు.”

ఏజెంట్: “రేపు టెక్నీషియన్‌తో చెక్ చేయిస్తాను సార్. రిఫండ్ సంగతి చూస్తాం.”

ఇంగ్లిష్ ముక్కలే ఏరితే “డిస్‌ప్లే రీప్లేస్, టెక్నీషియన్ చెక్, రిఫండ్” అని మిగులుతుంది. అది చదివితే రిఫండ్ ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది. నిజానికి “చేశారంట” అంటే కస్టమర్ విన్నమాట మాత్రమే. “చేయిస్తాను” మాట ఇచ్చినట్టు. “చూస్తాం” అంటే ఇంకా ఏదీ తేల్చలేదు.

కాబట్టి సమ్మరీ ఇలా రాయాలి:

“డిస్‌ప్లే మార్చారని తనకు చెప్పినట్టు కస్టమర్ అన్నారు, జాబ్ కార్డులో సరిచూడాలి. టచ్ పనిచేయడం లేదు. 12న టెక్నీషియన్‌తో చెక్ చేయిస్తామని ఏజెంట్ చెప్పారు. రిఫండ్‌పై హామీ ఇవ్వలేదు.”

“రేపు” అన్నది తేదీగా మారడం గమనించండి. సమ్మరీ ఎప్పుడు చదివినా అర్థం మారకూడదు కదా.

ఇంకో జాగ్రత్త. “చేశాం”, “చేస్తాం” వినడానికి దగ్గరగా ఉంటాయి, ట్రాన్‌స్క్రిప్ట్‌లో తారుమారు కావచ్చు. పక్క వాక్యంతో పొసగకపోతే ఆ టైమ్‌స్టాంప్ దగ్గర ఆడియో వినాల్సిందే.