పంచాయతీ గ్రాంటు: ఊరి వాటా ఎలా తేలుతుంది?

సందేహం: మాది అడవి అంచున ఉన్న చిన్న పంచాయతీ. పెద్ద ఊళ్లకు మాకంటే ఎన్నో రెట్లు గ్రాంటు వస్తుంది. అన్ని పంచాయతీలకూ సమానంగా పంచితే తప్పేమిటి?
– ఒక వార్డు సభ్యుడు

సమాధానం: ఊరికి ఇంతని పంచితే మనిషికి ఇంతన్న న్యాయం పోతుంది. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్ల సంగతే చూడండి. రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసులను ప్రభుత్వం ఆమోదించి ఉంటే ఆ ప్రకారం, లేకపోతే జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం లెక్కన పంచాలన్నారు.

ఉదాహరణకు మూడు పంచాయతీలకు కలిపి 50 లక్షలు వచ్చాయనుకుందాం. మొదటి ఊరి జనాభా 6,000, రెండో ఊరిది 3,000, మీలాంటి మూడో ఊరిది 1,000. విస్తీర్ణం వరుసగా 10, 10, 30 చదరపు కిలోమీటర్లు. జనాభా కింద పంచే 45 లక్షలు తలకు 450 రూపాయలవుతాయి. విస్తీర్ణం కింద పంచే 5 లక్షలు చదరపు కిలోమీటరుకు 10,000 అవుతాయి. రెండూ కలిపితే మొదటి ఊరికి 28 లక్షలు, రెండో ఊరికి 14.5 లక్షలు, మూడో ఊరికి 7.5 లక్షలు. మొత్తం తక్కువే అయినా మూడో ఊళ్లో తలకు 750 పడుతుంది, మొదటి ఊళ్లో 467 మాత్రమే. విసిరేసినట్టుండే ఇళ్లకు పైపులు, దారులు వేయాలంటే ఖర్చెక్కువ కాబట్టే విస్తీర్ణానికి ఆ పది శాతం.

అది చాలదని మీరు వాదించవచ్చు. వాదించాల్సింది ఆ శాతం మీద, రాష్ట్ర ఆర్థిక సంఘం ముందు. సమాన పంపకంలో మీ ఊళ్లో తలకు 1,667, పెద్ద ఊళ్లో 278 పడతాయి. దాన్ని ఎవరూ సమర్థించలేరు.

సందేహం: మేం ఇంటి పన్ను గట్టిగా వసూలు చేస్తాం. వసూలు చేయని ఊళ్లకూ అంతే గ్రాంటు వస్తోంది. పన్ను వసూలుకు గ్రాంటులో విలువ ఉండొద్దా?
– ఒక సర్పంచ్

సమాధానం: ఉండాలి. కానీ ఎలా కొలవాలన్నదే చిక్కు. ఖర్చులో రాబడి పోగా మిగిలిన లోటును గ్రాంటుగా ఇస్తే ఏమవుతుందో చూడండి. పది లక్షల ఖర్చున్న పంచాయతీ నాలుగు లక్షలు వసూలు చేస్తే ఆరు లక్షలొస్తాయి. కష్టపడి ఐదు లక్షలు రాబడితే గ్రాంటు ఐదుకు తగ్గుతుంది. అదనంగా తెచ్చిన లక్షా సర్కారు ఖాతాకు మిగిలినట్టే. ఇక వసూలు చేసేదెవరు?

అలాగని ఎక్కువ వసూలైన ఊరికే ఎక్కువ ఇస్తే హైవే పక్కన, ఫ్యాక్టరీల నడుమ ఉన్న ఊళ్లే లాభపడతాయి. డిమాండులో వసూలు శాతం చూద్దామంటే అక్కడో దొడ్డిదారి ఉంది: కొత్త ఇళ్లకు పన్ను వేయకుండా వదిలేస్తే డిమాండు చిన్నదై శాతం పెరుగుతుంది. అందుకే ఊరి పన్ను సత్తా ఎంతో ఇళ్ల సంఖ్య, విస్తీర్ణం నుంచి విడిగా అంచనా కట్టి, గత ఏళ్ల కంటే వసూలు ఎంత పెరిగిందో చూడాలి. దీనికి చిన్న వాటా చాలు. ఎక్కువ భాగం జనాభా మీదే ఉంటే పేద ఊరు నలగదు.

సందేహం: సూత్రం ఉన్నా మా వాటా సరిగా వచ్చిందో లేదో తెలిసేదెలా?
– ఒక పంచాయతీ కార్యదర్శి

సమాధానం: మూడు చోట్ల చూడండి. మొదటిది, పంచాల్సిన మొత్తం. రాష్ట్ర సొంత పన్ను రాబడిలో ఇంత శాతమని ఉంటే రాబడితో పాటు పెరుగుతుంది. ఏటా బడ్జెట్‌లో ఇష్టమొచ్చిన అంకె వేస్తే ఎంత మంచి సూత్రమైనా చిన్న మొత్తాన్నే పంచుతుంది. రాజ్యాంగం 243-ఐ అధికరణ ప్రకారం ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేయాలి. దాని సిఫారసులపై తీసుకున్న చర్యల నివేదికను శాసనసభ ముందు పెట్టాలి. అది తెప్పించుకు చదవండి.

రెండోది, జనాభా అంకె. 2011 లెక్కలతో పంచితే ఆ తర్వాత పెరిగిన నగర శివారు పంచాయతీలు నష్టపోతాయి.

మూడోది, విడుదల తేదీ. 15వ ఆర్థిక సంఘం గ్రాంటును కేంద్రం నుంచి అందిన పది పనిదినాల్లో స్థానిక సంస్థలకు చేర్చాలన్నారు. ఆలస్యమైతే రాష్ట్రం వడ్డీ కట్టాలన్నారు.

కేరళలో 1996 నుంచి రాష్ట్ర బడ్జెట్‌కు జతచేసే నాలుగో అనుబంధంలోనే ఏ స్థానిక సంస్థకు ఎంతో అచ్చేస్తున్నారు. అలాంటి పట్టిక లేని చోట జిల్లాకు వచ్చిన మొత్తం, పంచాయతీ జనాభాలు, విస్తీర్ణాలను సమాచార హక్కు కింద అడగండి. పైన చేసిన లెక్కే మీరూ చేయండి. తేడా వస్తే, ఏ ఉత్తర్వు ప్రకారం వచ్చిందో రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది.