‘సర్’ అనాలా, ‘గారు’ అనాలా? జహనుమా నుంచి ఆఫీసుకు ఈమెయిల్

హైదరాబాద్ జహనుమాలో ఒకే గల్లీలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ నడుస్తాయి. నోటితో మాట్లాడేటప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. ఆఫీసుకు ఈమెయిల్ రాయాల్సి వస్తే మాత్రం మొదటి పంక్తి దగ్గరే చెయ్యి ఆగిపోతుంది.

‘రెస్పెక్టెడ్ సర్’ అని రాయకపోతే అర్జీ తిప్పి పంపొచ్చా?

పంపకూడదు. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణ ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. తెలంగాణలో తెలుగు అధికార భాష, 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. తెలుగులో రాయొచ్చు అన్నాక, తెలుగు మర్యాదలో పిలవొచ్చనే అర్థం. ‘సర్’ లేదా ‘మేడమ్’తో మొదలుపెట్టాలని కేంద్ర సచివాలయ మాన్యువల్‌లో ఉన్న మాట నిజమే. అయితే అది ఆఫీసు నుంచి వెళ్లే లేఖలకు పెట్టిన పద్ధతి, అర్జీదారు మీద పెట్టిన షరతు కాదు.

అధికారి పేరుకు ‘గారు’ చేర్చాలా, హోదాకా?

ఆఫీసు అర్జీలో హోదాకే చేర్చండి. మీ గల్లీలో డ్రైనేజీ మ్యాన్‌హోల్ పొంగుతోందని జలమండలికి రాస్తున్నారనుకుందాం. కిందటేడు ఉన్న మేనేజర్ బదిలీ అయి ఉండొచ్చు. పాత పేరుతో రాస్తే కొత్తగా వచ్చినాయనకు అది తనకు కాదనిపిస్తుంది. హోదాతో రాస్తే ఆ కుర్చీలో ఎవరున్నా వారిదే. ఇలా రాస్తే చాలు:

జలమండలి మేనేజర్ గారికి,
విషయం: జహనుమాలో మా గల్లీ మ్యాన్‌హోల్ పొంగడం గురించి
నమస్కారం. మా ఇంటి ముందు మ్యాన్‌హోల్ నాలుగు రోజులుగా పొంగుతోంది. మీ సిబ్బందిని పంపి బాగు చేయించగలరు.

ఆ కింద మీ క్యాన్ నంబరు, ఇంటి నంబరు, ఫోను నంబరు ఇవ్వండి. కుర్చీలో ఉన్నది ఆయనో ఆవిడో తెలియదు కాబట్టి ‘అయ్యా’ బదులు ‘నమస్కారం’ పెట్టాం. ‘గారు’తో ఉన్న సుఖమే అది, ఆడామగా తేడా దానికి లేదు. మిస్సా, మిసెస్సా అని వెతుక్కునే పని కూడా ఉండదు.

చాలామంది తప్పేది ఇక్కడ కాదు, లోపల. పైన ‘గారికి’ అని రాసి, కింద ‘మేనేజర్ వచ్చి చూసి వెళ్లాడు’ అంటారు. పైన ఇచ్చిన గౌరవాన్ని ఆ క్రియ తీసేస్తుంది. ‘మేనేజర్ గారు వచ్చి చూసి వెళ్లారు’ అనాలి. నేరుగా పిలిచేటప్పుడు ‘గారూ’ అని దీర్ఘం ఉంటుంది, చిరునామా పంక్తిలో ‘గారికి’.

ఇంగ్లీషు మెయిల్‌లో గారు రాయొచ్చా?

అవతలివారు తెలుగువారైతే Dear Srinivas garu అని హాయిగా రాయొచ్చు. Mr. Srinivas garu అని మాత్రం వద్దు. ఒకే పనికి రెండు మాటలు పెట్టినట్టవుతుంది. ‘డాక్టర్’ చదువును చెబుతుంది కాబట్టి ‘డాక్టర్ శ్రీనివాస్ గారు’ సరిపోతుంది. ఇంకో చిక్కు ఇంటిపేరుతో వస్తుంది. ఇంగ్లీషు పద్ధతిలో Mr. తర్వాత ఇంటిపేరు రావాలి, మన ‘గారు’ మాత్రం సొంత పేరుకు చేరుతుంది. మెయిల్‌లో కనిపించే పేరులో రెండూ తారుమారై ఉండొచ్చు. ఏది ఏదో తేలకపోతే పేరంతా రాసి చివర ‘గారు’ పెట్టండి.

ముస్లిం అధికారికి ‘గారు’ అనొచ్చా, ‘సాబ్’ అనాలా?

తెలుగులో రాస్తే గారే, ఉర్దూలో రాస్తే సాహెబ్. ఈ విషయం నాకు పట్టింపు. నలుగురికి కలిపి పంపే మెయిల్‌లో ముగ్గురికి ‘గారు’ పెట్టి, ఒక్కరిని మాత్రం ‘ఖాన్ సాబ్’ అంటే, మనకు ఆ ఉద్దేశం లేకపోయినా వారిని వేరు చేసినట్టే ఉంటుంది. అందరికీ ఒకే మర్యాద రాయండి. పేరును మధ్యలో తుంచకండి కూడా. అబ్దుల్ రహీమ్ అనే పేరులో ‘అబ్దుల్’ ఒక్కటే నిలవదు, అది ‘రహీమ్’తో కలిస్తేనే పేరు. ‘అబ్దుల్ గారు’ కాదు, ‘అబ్దుల్ రహీమ్ గారు’.

పేరు ముందు ‘పద్మశ్రీ’ పెట్టాలా?

పెట్టకూడదు. పద్మ పురస్కారాలను పేరుకు ముందూ వెనకా తగిలించరాదని సుప్రీంకోర్టు 1995లో బాలాజీ రాఘవన్ కేసులో చెప్పింది. బిరుదులివ్వరాదనే 18వ అధికరణ విడిచిపెట్టింది సైనిక, విద్యా సంబంధమైన బిరుదులనే. కాబట్టి ‘కర్నల్’, ‘డాక్టర్’ ఉండొచ్చు.

సంతకం దగ్గర?

పేరు మాత్రమే. మన పేరుకు మనం ‘గారు’ గానీ ‘శ్రీ’ గానీ పెట్టుకోం. మెయిల్ కింద దానంతటదే వచ్చే సంతకంలో ఎవరైనా Sri అని పెట్టి ఉంచితే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేయండి.