బ్యాంకు మూలధనం సరిపోతుందా? ఒక చిన్న బ్యాంకు అప్పుల పుస్తకంతో లెక్క



బి.కాం. చదివే ఒక విద్యార్థిని ఈ మధ్య నన్ను ఒక ప్రశ్న అడిగింది. "తాతగారూ, బ్యాంకు వందల కోట్లు అప్పులు ఇస్తుంది కదా, అందులో కొన్ని మునిగిపోతే ఆ నష్టం ఎవరి డబ్బులోంచి పోతుంది? మా నాన్నగారి ఫిక్సెడ్ డిపాజిట్ లోంచా?" కౌంటర్ వెనుక ముప్పై ఏళ్ళకు పైగా కూర్చున్నాను గానీ ఇంత సూటిగా అడిగినవారు తక్కువ. దానికి జవాబే ఈ పాఠం.

నష్టం మొదట పడేది వాటాదారుల డబ్బు మీద. ఆ డబ్బునే బ్యాంకు మూలధనం అంటాం. అది అయిపోయాకే డిపాజిటర్ల వంతు వస్తుంది. అందుకే బ్యాంకు ఇచ్చిన అప్పులలో ఉన్న ప్రమాదానికి తగినంత మూలధనం ఉందా లేదా అని రిజర్వు బ్యాంకు చూస్తుంది. ఆ కొలతనే క్యాపిటల్ అడిక్వసీ రేషియో అంటారు. బ్యాంకుల వార్షిక నివేదికల్లో సి.ఆర్.ఎ.ఆర్. అని కనబడుతుంది.

సూత్రం ఇది:

సి.ఆర్.ఎ.ఆర్. = (మొత్తం మూలధనం ÷ రిస్కు భారం వేసిన ఆస్తులు) × 100

రిస్కు భారం ఎందుకు?

వంద రూపాయల కేంద్ర ప్రభుత్వ బాండు, వంద రూపాయల హామీ లేని పర్సనల్ లోను, రెండూ పుస్తకంలో వందే. కానీ ప్రమాదం ఒకటి కాదు. అందుకని ఒక్కొక్క రకం ఆస్తికి ఒక శాతం నిర్ణయించారు. ఆస్తి మొత్తాన్ని ఆ శాతంతో గుణిస్తే వచ్చేదే రిస్కు భారం వేసిన ఆస్తి. ఈ పద్ధతి 1988లో బాసెల్ ఒప్పందంతో మొదలైంది. మన దేశంలో నరసింహం కమిటీ సిఫారసు మీద 1992లో ప్రవేశపెట్టారు. ఇప్పుడు వాణిజ్య బ్యాంకులు పాటించేది బాసెల్ మూడవ ఒప్పందం ప్రకారం ఉన్న నిబంధనలు.

మన ఉదాహరణ

ఒక చిన్న వాణిజ్య బ్యాంకు ఉందనుకుందాం. దాని మొత్తం ఆస్తులు 1,000 కోట్లు. అంకెలన్నీ కోట్ల రూపాయల్లో:

1. నగదు, రిజర్వు బ్యాంకు వద్ద నిల్వ: 50 × 0% = 0
2. కేంద్ర ప్రభుత్వ బాండ్లు: 250 × 0% = 0
3. ఇతర షెడ్యూల్డు బ్యాంకుల వద్ద డిపాజిట్లు: 50 × 20% = 10
4. గృహ రుణాలు: 200 × 35% = 70
5. విద్యా రుణాలు: 40 × 75% = 30
6. హామీ లేని పర్సనల్ లోన్లు: 120 × 125% = 150
7. రేటింగు లేని వ్యాపార సంస్థలకు అప్పులు: 260 × 100% = 260
8. భవనాలు, ఫర్నిచర్, కంప్యూటర్లు: 30 × 100% = 30

మొత్తం ఆస్తులు 1,000. రిస్కు భారం వేశాక 550.

గృహ రుణానికి 35 శాతం అన్నది 30 లక్షల లోపు అప్పు, ఇంటి విలువలో 80 శాతం మించనప్పుడు. విద్యా రుణాన్ని 2008కి ముందు వినియోగ రుణాలతో కలిపి 125 శాతం వేసేవారు. ఆ ఏడాది జనవరిలో రిజర్వు బ్యాంకు దాన్ని విడదీసి చిల్లర రుణాల 75 శాతంలోకి తెచ్చింది. మీ చదువు అప్పు బ్యాంకు పుస్తకంలో పర్సనల్ లోను కంటే తేలిక అని దీని అర్థం.

ఇక మూలధనం:

వాటా మూలధనం 35, రిజర్వులు 23. ఈ 58 కోట్లు మొదటి అంచె. నష్టాన్ని వెంటనే భరించగలిగేది ఇదే.
దీర్ఘకాలిక సబార్డినేట్ బాండ్లు 5, మంచి అప్పుల మీద ఉంచిన సాధారణ ప్రొవిజన్లు 3. ఈ 8 కోట్లు రెండవ అంచె.
మొత్తం 66.

మిగతా 934 కోట్లు డిపాజిట్లు, ఇతర బాకీలు. అంటే బ్యాంకు నడిచేది చాలావరకు మీ డబ్బుతోనే.

సి.ఆర్.ఎ.ఆర్. = 66 ÷ 550 × 100 = 12.00 శాతం
మొదటి అంచె ఒక్కటే = 58 ÷ 550 × 100 = 10.55 శాతం

వాణిజ్య బ్యాంకుకు కనీసం 9 శాతం ఉండాలి. దాని పైన రక్షణ నిల్వగా మరో 2.5 శాతం, మొత్తం 11.5 శాతం. ఈ రక్షణ నిల్వ 2021 అక్టోబరు నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. 9 కంటే తగ్గకపోయినా 11.5 కిందికి దిగితే డివిడెండు పంచడం మీద ఆంక్షలు వస్తాయి. మన బ్యాంకు 12 శాతంతో గట్టెక్కింది.

నిజమైన బ్యాంకుల్లో మార్కెట్ ధరల ప్రమాదానికి, నిర్వహణ లోపాల ప్రమాదానికి, గ్యారంటీలకు కూడా భారం లెక్కించి హారంలో కలుపుతారు. పాఠం తేలికగా ఉండాలని వాటిని ఇక్కడ వదిలేశాను.

మూలధనం మారకుండానే నిష్పత్తి ఎలా మారుతుంది?

పర్సనల్ లోన్లకు భారం 2023 నవంబరు వరకు 100 శాతమే. అవి మరీ వేగంగా పెరుగుతున్నాయని రిజర్వు బ్యాంకు ఆ నెలలో 125 చేసింది. గృహ, విద్య, వాహన, బంగారు నగల రుణాలను మినహాయించింది. పాత పద్ధతిలో మన బ్యాంకు రిస్కు ఆస్తులు 520, నిష్పత్తి 66 ÷ 520, అంటే 12.69 శాతం. ఒక్క అప్పు కొత్తగా ఇవ్వలేదు, ఒక్క రూపాయి పోలేదు, అయినా అది 12.00కి దిగింది.

దీని ఫలితం అప్పు ఇచ్చేటప్పుడు కనబడుతుంది. బ్యాంకు కొత్తగా 50 కోట్ల పర్సనల్ లోన్లు ఇవ్వాలంటే 62.5 కోట్ల భారం పడుతుంది. దానిమీద 11.5 శాతం చొప్పున సుమారు 7.19 కోట్ల మూలధనం కావాలి. అవే 50 కోట్లు గృహ రుణాలుగా ఇస్తే భారం 17.5 కోట్లు, కావలసిన మూలధనం 2.01 కోట్లు. పర్సనల్ లోను వడ్డీ ఎక్కువగా ఉండడానికి ఉన్న కారణాలలో ఇదొకటి.

ఒక అప్పు మునిగితే

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. వ్యాపార అప్పుల్లో 20 కోట్ల ఖాతా ఒకటి పూర్తిగా మునిగిపోయిందనుకుందాం. పన్ను సంగతి పక్కన పెడదాం.

మూలధనం: 66 − 20 = 46
రిస్కు ఆస్తులు: 550 − 20 = 530
సి.ఆర్.ఎ.ఆర్.: 46 ÷ 530 × 100 = 8.68 శాతం

మొత్తం అప్పులు 620 కోట్లు. అందులో 20 కోట్లు అంటే నూటికి మూడు రూపాయల పైచిలుకు. అంతమాత్రానికే బ్యాంకు 12 నుంచి 9 కిందికి జారింది. లవంలోనూ హారంలోనూ తీసివేసింది అదే 20 అయినా, లవం చిన్నది కనుక దానికే దెబ్బ ఎక్కువ. ఈ ఒక్క విషయం గ్రహిస్తే పాఠంలో సగం వచ్చినట్టే.

కానీ పుస్తకంలో ఇది ఒక్కరోజులో జరగదు. వాయిదా 90 రోజులు దాటి కట్టకపోతే ఖాతా నిరర్థకం అవుతుంది. స్థలం, భవనం పూర్తి హామీగా ఉంటే మొదటి ఏడాది 15 శాతం, అంటే 3 కోట్లు మాత్రమే ప్రొవిజన్ పెట్టాలి. మిగిలిన 17 కోట్లకు 100 శాతం భారం వేస్తే రిస్కు ఆస్తులు 547, మూలధనం 63, నిష్పత్తి 11.52 శాతం. గీత మీద గీత పైనే నిలబడ్డట్టు కనబడుతుంది! ఆ అప్పు తిరిగి వచ్చే దారి లేదని మేనేజరుకు తెలిసినా కాగితం మీద 11.52 ఉంటుంది. ఇంకా ముందే, ఖాతా నిరర్థకమని రాయకుండా కొత్త అప్పు ఇచ్చి పాత వడ్డీ కట్టించుకుంటే 12 శాతం 12గానే ఉంటుంది. నిష్పత్తి ఎంత నిజమో, అప్పుల వర్గీకరణ ఎంత నిజాయితీగా చేశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

యెస్ బ్యాంకు సంగతి చూడండి. 2019 డిసెంబరు త్రైమాసికంలో పెద్ద ఎత్తున ప్రొవిజన్లు పెట్టవలసి వచ్చి 18,564 కోట్ల నష్టం చూపింది. వాటాదారుల సొంత మూలధన నిష్పత్తికి కనీసం 5.5 శాతం ఉండాల్సింది 0.6కి పడింది. 2020 మార్చి 5న మారటోరియం విధించి, ఖాతాదారులు 50,000 రూపాయలకు మించి తీయకుండా కొన్నాళ్ళు ఆపారు. తర్వాత స్టేట్ బ్యాంకు, మరికొన్ని బ్యాంకులు మూలధనం పెట్టాక మార్చి 18న ఆంక్ష ఎత్తివేశారు.

సున్నా భారం అంటే సున్నా ప్రమాదం అనీ అనుకోకూడదు. ప్రభుత్వ బాండు అసలు, వడ్డీ వస్తాయి గానీ వడ్డీ రేట్లు పెరిగితే దాని అమ్మకం ధర పడిపోతుంది. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

తల్లిదండ్రులు ఏం చూడాలి?

బ్యాంకు వార్షిక నివేదికలో మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి: సి.ఆర్.ఎ.ఆర్., అందులో మొదటి అంచె ఎంత, నికర నిరర్థక ఆస్తులు ఎన్ని కోట్లు. నికర నిరర్థక ఆస్తులను మూలధనంలోంచి తీసివేసి చూడండి. మన ఉదాహరణలో ఆ 17 కోట్లు తీస్తే 63లో మిగిలేది 46. ఒక ఏడాది అంకె చాలదు, మూడు నాలుగేళ్ళది చూడండి.

అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులకు లెక్క కొంచెం వేరు. 100 కోట్ల వరకు డిపాజిట్లున్న చిన్నవాటికి కనీసం 9 శాతం. అంతకంటే పెద్దవాటిలో చాలావాటికి 12 శాతం, దాన్ని చేరుకోవడానికి 2026 మార్చి 31 వరకు గడువిచ్చారు. ఏ బ్యాంకైనా డిపాజిట్ బీమా అసలు, వడ్డీ కలిపి ఒక డిపాజిటరుకు 5 లక్షల వరకే. ఈ పరిమితి 2020 ఫిబ్రవరి 4 నుంచి ఉంది.

విద్యార్థులు చేసే పొరపాట్లు

మూలధనాన్ని మొత్తం ఆస్తులతో భాగించడం మొదటిది. అలా చేస్తే మన బ్యాంకుకు 6.6 శాతం వస్తుంది, అది వేరే కొలత. డిపాజిట్లను మూలధనంలో కలపడం రెండవది. డిపాజిట్ బ్యాంకు తీర్చవలసిన బాకీ, దాని సొంత డబ్బు కాదు. ప్రొవిజన్ తీసివేయకముందు ఉన్న అప్పు మీద భారం వేయడం మూడవది.

అభ్యాసం

ఒక బ్యాంకు వద్ద నగదు 20 కోట్లు, కేంద్ర ప్రభుత్వ బాండ్లు 80, పై షరతులకు లోబడిన గృహ రుణాలు 100, పర్సనల్ లోన్లు 40, రేటింగు లేని వ్యాపార అప్పులు 60. మూలధనం 15 కోట్లు. (1) సి.ఆర్.ఎ.ఆర్. ఎంత? (2) వ్యాపార అప్పుల్లో 3 కోట్లు పూర్తిగా మునిగితే ఎంత?

జవాబులు: (1) రిస్కు ఆస్తులు 35 + 50 + 60 = 145; 15 ÷ 145 = 10.34 శాతం. (2) 12 ÷ 142 = 8.45 శాతం.

ముందు మీరు కాగితం మీద వేసి, తర్వాతే జవాబు సరిచూసుకోండి.