పెళ్లి ఖర్చు: డిపాజిట్ తీయాలా, లోను తేవాలా?

ముహూర్తం కుదిరి, మండపానికి అడ్వాన్సు ఇచ్చాక తల్లిదండ్రుల్ని పట్టుకునే సందేహమే ఇది. ఈలోగా లోను ఏజెంటు ఫోను చేస్తాడు. ‘‘మీ ఎఫ్‌డీకి 7 శాతం వస్తోంది, మా లోను 8 శాతమే. ఒక్క శాతం కోసం డిపాజిట్ ఎందుకండీ కదపడం?’’ అంటాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. ‘‘ఫ్లాట్ వడ్డీయా, తగ్గే బాకీ మీదా?’’ అని ఒక్క మాట అడిగి చూడండి.

6 లక్షలు, మూడేళ్లు అనుకుందాం. ఫ్లాట్ అంటే మీరు సగం తీర్చేశాక కూడా వడ్డీ 6 లక్షల మీదే. 8 శాతం చొప్పున వడ్డీ 1,44,000 అవుతుంది, నెల కిస్తీ 20,667. తగ్గే బాకీ మీద 14 శాతమైతే కిస్తీ దాదాపు 20,506. అంటే ఆ 8 కన్నా ఈ 14 చవక! దీనికితోడు ప్రాసెసింగ్ ఫీజు 2 శాతమైతే, జీఎస్టీతో కలిపి 14,160 ముందే కోసుకుంటారు. అందుకే సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడగండి. ఇలాంటి లోన్లకు అది ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. ఫీజులు కూడా కలిసిన అసలు ఖరీదు అదే. దాన్ని ఏజెంట్లు తమంతట తాము చెప్పగా నేను వినలేదు.

ఇక డిపాజిట్ సంగతి. 7 శాతానికి మూడేళ్లకు వేసిన 6 లక్షల ఎఫ్‌డీని రెండేళ్లకే తీశారనుకోండి. వేసినప్పుడు రెండేళ్ల డిపాజిట్‌కున్న రేటు, 6.75 శాతం అనుకుందాం, అదే ఇస్తారు. అందులోనూ ఒక శాతం జరిమానా పోతే చేతికొచ్చేది 5.75. నష్టం సుమారు 17 వేలు. ఇకపై రావాల్సిన వడ్డీ కూడా పోతుంది, నిజమే. కానీ లోను కిస్తీ కట్టగలిగినవాళ్లు ఆ డబ్బే నెలనెలా ఆర్డీలో వేస్తే డిపాజిట్ మళ్లీ నిలబడుతుంది.

ఎఫ్‌డీ గడువు నాలుగైదు నెలల్లోనే ఉంటే తీయకండి. దాని మీదే లోను అడగండి. సాధారణంగా 90 శాతం దాకా, ఎఫ్‌డీ రేటుకు ఒకటి రెండు శాతం ఎక్కువకు ఇస్తారు. ఓవర్‌డ్రాఫ్ట్‌గా తీసుకుంటే వాడుకున్న సొమ్ముకు, వాడిన రోజులకే వడ్డీ. అయిదేళ్ల ట్యాక్స్ సేవర్ ఎఫ్‌డీకి మాత్రం ఈ రెండు దారులూ మూసుకున్నట్టే.

ఉన్నదంతా ఊడ్చి పెళ్లికి పెట్టమని కాదు. ఆస్పత్రి ఖర్చుకని ఒక రెండు లక్షలు కదపకుండా ఉంచి, ఆ మేరకే పర్సనల్ లోను తీసుకోవడం నా దృష్టిలో సరైన కలగలుపు. దాన్ని కూడా ముందే తీర్చేస్తే జరిమానా ఉందో లేదో కనుక్కోండి. చదివింపుల్లో వచ్చిన డబ్బు ముందు దానికే కట్టేయవచ్చు.