మాత్రలకు లొంగని పార్శ్వపు నొప్పికి 31 సూదిపోట్లు

ముడతలు పోవడానికి నుదుట బొటాక్స్ వేయించుకున్నవాళ్లు తలనొప్పి కూడా తగ్గిందని చెప్పారు. 1990లలో అమెరికా సర్జన్ విలియం బైండర్ ఆ మాట పట్టించుకున్నారు. 2010లో అమెరికా ఎఫ్‌డీఏ బొటాక్స్‌ను దీర్ఘకాలిక మైగ్రేన్‌కు ఆమోదించింది.

క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా విషమిది. నొప్పి కబురు మోసే సీజీఆర్‌పీ వంటి రసాయనాలు నరాల కొసల నుంచి విడుదల కాకుండా అడ్డుకుంటుంది.

మూడు రకాల మాత్రలు వాడినా నెలకు 18 రోజులు తలనొప్పితో గడిపే మహిళ ఉందనుకుందాం. నెలకు కనీసం 15 రోజులు తలనొప్పి, అందులో కనీసం 8 మైగ్రేన్‌వి అన్నది నిబంధన. ఆ 18లో 8 మైగ్రేన్‌వైతే ఆమె దానికి సరిపోతుంది. నుదురు, కణతలు, తల వెనక, మెడ, భుజాల్లో 31 చోట్ల మొత్తం 155 యూనిట్లు ఎక్కిస్తారు. పన్నెండు వారాలకోసారి మళ్లీ వేయాలి. మొదటి విడతకే ఫలించలేదని మానేయడం తొందరపాటు. కనురెప్ప వాలినా, మెడ నీరసించినా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మింగడం కష్టమైతే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

బొటాక్స్ కాక వేరే మార్గాలూ ఉన్నాయి. తల వెనక ఆక్సిపిటల్ నరం దగ్గర మత్తుమందు ఎక్కించే నర్వ్ బ్లాక్ నిమిషాల్లో పనిచేస్తుంది, ఉపశమనం కొన్నాళ్లే. నుదుటికి అంటించే సెఫాలీ పరికరానికి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. నెరివియో అనే పరికరాన్ని మాత్రం తలకు కాదు, జబ్బకు కట్టుకుంటారు.